జపనీస్ గేమ్‌లో తెలియకుండా కొనేసిన, డబ్బులు పోయినయ్, మళ్ళీ ఇట్ల కాకుండా ఏం చెయ్యాలె?

సాయి_కెపిహెచ్‌బి
అందరికీ నమస్తే. నేను ఒక జపనీస్ గాచా గేమ్ ఆడుతున్న, ఇంగ్లీష్ వెర్షన్ లేదు, జపాన్ వెర్షనే. నాకు జపనీస్ ఒక్క అక్షరం రాదు. బొమ్మలు చూసి, బటన్లు ఎక్కడున్నయో గుర్తుపెట్టుకొని నాలుగు నెలల నుంచి ఆడుతున్న, కథ అంతా యూట్యూబ్ల చూస్త.

నిన్న రాత్రి ఒక బాస్ ఫైట్ ఓడిపోయిన. ఒక పెట్టె వచ్చింది, రెండు బటన్లు. మూసేద్దామని కుడి దిక్కుది కొట్టిన. ఇంకో పెట్టె వచ్చింది, అది గూడ కొట్టిన. తర్వాత షాప్ లాంటిది తెరుచుకుంది, పైన ఒక ప్యాక్ మెరుస్తున్నది, డైలీ ఫ్రీ బాక్స్ అనుకొని నొక్కిన, ఎందుకంటే రోజూ ఒక ఫ్రీ బాక్స్ గట్లనే మెరుస్తది. మళ్ళా పెట్టె, మళ్ళా కొట్టిన. ఆఖరికి కింద నుంచి ఒకటి పైకి వచ్చింది, అది కూడ జపనీసే, పచ్చ బటన్ కొట్టంగనే అయిపోయింది. మెయిల్ చూస్తే ₹880 పోయినయ్. అవి మా అక్క పుట్టినరోజుకి ఇచ్చిన గూగుల్ ప్లే గిఫ్ట్ కార్డ్ పైసలు, 1500 ఉండె.

పాస్‌వర్డ్ అడగలే, వేలిముద్ర అడగలే, ఓటీపీ రాలే. అదే నాకు అర్థం కాలే. గేమ్ మానేయమని మాత్రం చెప్పకుండ్రి, ఆడాలె గానీ ఇట్ల కావొద్దు. స్క్రీన్‌షాట్లు రెండు పెట్టిన, షాప్‌ది ఒకటి, ఆఖరి పచ్చ బటన్‌ది ఒకటి (మళ్ళీ అక్కడిదాకా పోయి బ్యాక్ కొట్టి తీసిన).

పాత_గేమర్_బెజవాడ
బ్రో సింపుల్. ప్లే స్టోర్‌లో కార్డ్ తీసేయ్, యూపీఐ తీసేయ్. పేమెంట్ మెథడ్ లేకపోతే ఎవడూ ఏమీ చెయ్యలేడు. ఇంకోటి, జపాన్ గేముల్లో ఎప్పుడూ కుడివైపు ఉండేది అవును, ఎడమవైపు ఉండేది వద్దు. నేను ఎనిమిదేళ్ల నుంచి జపాన్ గేములే ఆడుతున్నా, ఎడమ కొడతా, ఒక్క రూపాయి పోలేదు.

శ్రీను_రాజమండ్రి
సాయి గారూ మా ఇంట్లోనూ ఇదేనండి. మా అబ్బాయి ఏడో తరగతి, వాళ్ళమ్మ ఫోన్లో తుపాకుల గేమ్ ఆడతాడు, డ్రెస్సులని ఏవో కొంటున్నాడు, మూడు సార్లు ₹159, ₹159, ₹79 పోయాయండి. అడిగితే నాకు తెలీదు అంటాడు. యూపీఐ పిన్ కొట్టకుండా ఎలా పోతాయండి, బ్యాంకుకి వెళ్ళి కంప్లైంట్ ఇవ్వాలా?

సాయి_కెపిహెచ్‌బి
శ్రీను అన్నా, నా గేమ్ నేనే ఆడుత, పిల్లలు కాదు. నాది భాష సమస్య.
గేమర్ అన్నా, కార్డ్ నా ఫోన్ల అసలు లేదు. గిఫ్ట్ కార్డ్ పైసలే పోయినయ్ అని చెప్పిన గదా.

లక్ష్మి_నాగోయా
సాయి, స్క్రీన్‌షాట్లు చూశాను. రెండోది చూడగానే ఒక సంగతి అర్థమైంది, ముందు అది అడుగుతాను. కింద నుంచి పైకి వచ్చిన ఆ పచ్చ బటన్ షీటు గేమ్‌ది కాదు, గూగుల్ ప్లేది. గేమ్ ఏ దేశానిదైనా ఆ షీటు మాత్రం మీ ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తుంది. నేను నాగోయాలోనే ఉంటాను, నా ఫోన్ ఇంగ్లీషులో ఉంటుంది, జపాన్ గేమ్‌లో కొన్నా ఆఖరి షీటు నాకు ఇంగ్లీషులోనే వస్తుంది. మీకు అది కూడా జపనీస్‌లో వచ్చిందంటే మీ ఫోన్ భాషే జపనీస్‌లో ఉన్నట్టు. మార్చారా?

సాయి_కెపిహెచ్‌బి
అవునక్కా, మార్చిన. గేమ్ మొదట్ల ఓపెన్ కాకపోతే ఒక వీడియోల ఫోన్ లాంగ్వేజ్ జపనీస్ పెట్టమన్నరు, పెట్టిన. తర్వాత అట్లనే ఉంచేసిన, సెట్టింగ్స్ ఎక్కడెక్కడున్నయో బొమ్మలు గుర్తే గదా అని.

లక్ష్మి_నాగోయా
అదే అసలు సమస్య. ఇంటికి రెండు తలుపులు ఉంటే రెండో తలుపు గొళ్ళెం కూడా మీరే తీసినట్టయింది. గేమ్ లోపల వచ్చే పెట్టెలు ఎన్ని తప్పు నొక్కినా నిజమైన డబ్బు కదలదు, డబ్బు కదిలేది ఆ ప్లే షీటు దగ్గరే. అది మీకు చదవొచ్చిన భాషలో ఉంటే, పైన గేమ్ పేరు, పక్కన ధర, కింద ఏ ఖాతా నుంచి పోతుందో మొత్తం కనపడేది, నిన్న అక్కడే ఆగిపోయేవారు.

కాబట్టి మొదటి పని, ఇవాళే ఫోన్ భాష ఇంగ్లీషుకో తెలుగుకో మార్చేయండి. చాలా గేములు ఫోన్ భాషతో పని లేకుండానే నడుస్తాయి, జపాన్ వెర్షన్‌లో ఉన్నది జపనీస్ ఒక్కటే కాబట్టి అదే చూపిస్తుంది. ఒకవేళ మీ గేమ్ నిజంగానే జపనీస్ అడిగితే, ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కి విడిగా భాష పెట్టుకునే వీలుంది, సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీలో `Language` అని ఉంటుంది. అన్ని యాప్‌లకీ ఆ ఆప్షన్ కనపడదు, యాప్ తయారుచేసినవాళ్ళు దానికి ఏర్పాటు చేసి ఉండాలి.

ఇక పాస్‌వర్డ్ ఎందుకు అడగలేదు అన్నారు. నిన్న దానికి కొంచెం ముందు ప్లే స్టోర్‌లో ఇంకేమైనా కొన్నారా?

సాయి_కెపిహెచ్‌బి
కొన్న. ఒక పావుగంట ముందు ₹50ది ఒక స్టిక్కర్ యాప్ కొన్న, దానికి వేలిముద్ర అడిగింది.

లక్ష్మి_నాగోయా
సరిపోయింది. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి `Settings`లోకి వెళ్తే పాత ఫోన్లలో `Require authentication for purchases` అని, కొత్తవాటిలో `Purchase verification` అని ఉంటుంది. దాంట్లో మూడు రకాలు, ప్రతిసారీ అడగడం, 30 నిమిషాలకి ఒకసారి అడగడం, అసలు అడగకపోవడం. మీది 30 నిమిషాల మీద ఉండి ఉంటుంది. స్టిక్కర్ యాప్‌కి వేలు పెట్టారు, అక్కడి నుంచి అరగంట దాకా తలుపు తెరిచే ఉంది, గేమ్‌లో కొన్నది ఆ అరగంటలో పడింది.

ప్రతిసారీ అడిగేట్టు మార్చండి. ఇది అకౌంట్‌తో పాటు అన్ని ఫోన్లకీ పోయేది కాదు, ఒక్కో ఫోన్‌లో విడిగా పెట్టుకోవాలి. పాత ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో అదే అకౌంట్‌తో గేమ్ ఉంటే అక్కడ కూడా మార్చాలి.

ఓటీపీ సంగతి, అది బ్యాంకు కార్డుకి వస్తుంది. యూపీఐకి పిన్ అడుగుతారు. గిఫ్ట్ కార్డ్ డబ్బు మీరు కోడ్ కొట్టిన రోజే గూగుల్ దగ్గరికి వెళ్ళిపోయింది, ఇక బ్యాంకు మధ్యలో లేదు, అడిగేవాళ్ళు లేరు. మన దేశంలో ఉన్నవాళ్ళకి కార్డు కన్నా, యూపీఐ కన్నా గిఫ్ట్ బ్యాలెన్సే ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాల్సింది. గేమర్ గారు చెప్పినట్టు కార్డులు తీసేస్తే మంచిదే, కానీ బ్యాలెన్స్ తీసేసే బటన్ లేదు. దానికి ఉన్న మార్గం ఒకటే, కోడ్‌ని ముందే కొట్టి ఉంచకుండా, కొనాలనుకున్న రోజు కొట్టుకోవడం.

పాత_గేమర్_బెజవాడ
బ్యాలెన్స్ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. నేను ఎప్పుడూ గిఫ్ట్ కార్డ్ వాడలేదు. కానీ కుడి ఎడమ సంగతి మాత్రం కరెక్టే కదా?

లక్ష్మి_నాగోయా
చాలా గేముల్లో కరెక్టే. ఎడమ キャンセル లేదా いいえ, కుడి OK లేదా はい లేదా 決定. కానీ అదేం రూల్ కాదు. తిప్పి పెట్టిన గేములు నేనే ఆడాను. ఒకే గేమ్‌లో పెట్టెకి పెట్టెకి మారినవి కూడా ఉన్నాయి, పాత స్క్రీన్లు ఒక పద్ధతి, తర్వాత చేర్చినవి ఇంకో పద్ధతి. రంగు చూసి చెప్పడం కూడా అంతే, మామూలుగా వద్దు అనేది తెల్లగానో బూడిదరంగులోనో ఉంటుంది, కానీ పండగ ఈవెంట్లప్పుడు అంతా మార్చేస్తారు. స్థలం గుర్తుపెట్టుకొని ఆడేవాళ్ళకి అప్‌డేట్ వచ్చిన మర్నాడే ప్రమాదం.

అందుకే నాలుగు మాటల ఆకారం గుర్తుపెట్టుకోమంటాను, చదవడం రానక్కర్లేదు. キャンセル రద్దు, いいえ వద్దు, 閉じる మూసెయ్యి, 戻る వెనక్కి. ఈ నాలుగింట్లో ఏది కనపడినా అది భయం లేని బటన్. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్న కుర్రాడు మా ఆఫీసులో ఉన్నాడు, వారం రోజుల్లో చూడకుండా గుర్తుపట్టేస్తున్నాడు.

అనూష_డాలస్
ఐఫోన్ వాళ్ళకి కూడా చెప్తా. నేను కొరియన్ గేమ్ ఆడతాను, కథ సేమ్, ఒక్క అక్షరం రాదు. ఇక్కడ అమెరికాలో కార్డ్‌కి ఓటీపీ రాదు, కార్డ్ సేవ్ అయి ఉంటే సైడ్ బటన్ రెండుసార్లు నొక్కి మొహం చూపిస్తే అయిపోతుంది. రెండుసార్లు నొక్కడం పొరపాటున జరగదులే అనుకునేదాన్ని, కానీ ఆ షీట్ వచ్చినప్పుడు అది స్క్రీన్‌లాక్ అనుకొని నొక్కేశాను ఒకసారి, $9.99 పోయాయి.

తర్వాత `Settings` → `Screen Time` → `Content & Privacy Restrictions` → `iTunes & App Store Purchases` → `In-app Purchases` దగ్గర `Don’t Allow` పెట్టేశా. అది పెట్టాక గేమ్‌లో ఏది నొక్కినా కొనడం కుదరదు, కొరియన్‌లో ఏదో ఎర్రర్ వస్తుంది, మూసేస్తా. స్క్రీన్ టైమ్‌కి వేరే పాస్‌కోడ్ పెట్టా. నిజంగా కొనాలంటే వెళ్ళి మార్చుకోవాలి, ఆ రెండు నిమిషాల్లో కొనాలా వద్దా అని ఆలోచించే టైం కూడా దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌లో ఇలా మొత్తంగా ఆపేసేది ఉందా?

లక్ష్మి_నాగోయా
పెద్దవాళ్ళ అకౌంట్‌కి అంత గట్టిది ఆండ్రాయిడ్‌లో నాకు కనపడలేదు. ప్రతిసారీ అడిగేట్టు పెట్టుకోవడమే దగ్గరిది. పిల్లల అకౌంట్ అయితే ఫ్యామిలీ లింక్‌లో పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే కొనేట్టు పెట్టొచ్చు. శ్రీను గారికి అది పనికొస్తుంది.

శ్రీను_రాజమండ్రి
అమ్మా చాలా థాంక్స్ అండి. బాబుకి అసలు వేరే అకౌంటే లేదు, వాళ్ళమ్మ అకౌంట్లోనే ఆడుతున్నాడు. ఇందాక వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని నిదానంగా అడిగితే చెప్పాడు, వాళ్ళమ్మ కూరగాయలకి పిన్ కొడుతుంటే చూసి నేర్చుకున్నాడట. అంటే పిన్ కొట్టకుండా పోలేదండి, వాడే కొట్టాడు. పిన్ మార్చేశాం. బ్యాంకుకి వెళ్ళే పని లేదు.

సాయి_కెపిహెచ్‌బి
అక్కా, ఫోన్ భాష ఇంగ్లీష్‌కి మార్చిన, గేమ్ మామూలుగనే నడుస్తున్నది. వీడియో వాడు చెప్పింది అవసరమే లేకుండె. ప్రతిసారీ అడిగేట్టు కూడ పెట్టిన. టెస్ట్ కోసం షాప్‌ల మళ్ళీ అదే ప్యాక్ నొక్కిన, ఈసారి షీట్ ఇంగ్లీష్‌ల వచ్చింది, ₹880 అని ఉన్నది, బ్యాక్ కొట్టిన.

ఇంకో డౌట్. రూపాయలు పోవుడు సరే, గేమ్ లోపటి రాళ్ళు కూడ నాకు తెల్వకుండ పోతుంటయ్. నెల కష్టపడి 3000 జమ చేస్తే ఒక రోజు చూస్తే 2700 ఉంటయ్. అది ఎట్ల ఆపాలె? దానికి ప్లే షీట్ రాదు గదా.

లక్ష్మి_నాగోయా
మంచి ప్రశ్న, రాళ్ళ దగ్గర గూగుల్ కాపలా ఉండదు, మన కళ్ళే కాపలా. మీ మొదటి పోస్టులో ఓడిపోయాక వచ్చిన పెట్టె అన్నారు చూడండి, అది కంటిన్యూ పెట్టె. రాయి ఖర్చుపెట్టి ఫైట్ మళ్ళీ అక్కడి నుంచే ఆడతావా అని అడుగుతుంది, コンティニュー అని ఉంటుంది. మీరు అవును కొట్టారు. అప్పుడు మీ దగ్గర సరిపడా రాళ్ళు లేవు కాబట్టి రెండో పెట్టె వచ్చింది, 足りません లేదా 不足 అని ఉంటుంది, చాలవు అని అర్థం. దానికీ అవును కొడితే అది షాపుకి తీసుకెళ్ళింది. సరిపడా రాళ్ళు ఉన్న రోజుల్లో మొదటి పెట్టె దగ్గరే రాళ్ళు పోయి ఫైట్ మొదలైపోయి ఉంటుంది, గేమ్ తనంతట తానే రెండో ఛాన్స్ ఇచ్చిందని మీరు అనుకుని ఉంటారు. స్టామినా అయిపోయినప్పుడు వచ్చే పెట్టె కూడా ఇలాంటిదే, 回復 అని ఉంటుంది.

దీనికి భాష రానివాళ్ళకి కూడా పనిచేసేది ఒకటుంది, అంకెలు. అంకెలు మనకి చదవొచ్చు కదా. రాళ్ళు ఖర్చయ్యే పెట్టెలో చాలాసార్లు ఒక వరుస ఉంటుంది, ఎడమ ఒక సంఖ్య, మధ్యలో బాణం, కుడి ఇంకో సంఖ్య, 3,000 → 2,950 అన్నట్టు. ముందున్నవి, తర్వాత మిగిలేవి. బాణానికి కుడివైపు సంఖ్య తగ్గిందంటే ఏదో పోతోంది, ఆగండి. పెరిగిందంటే ఏదో వస్తోంది. పక్కన ఉన్న బొమ్మ రాయిదా, నాణెందా, టికెట్‌దా చూసుకోండి. సంఖ్యల దగ్గర ¥ లేదా 円 లేదా ₹ ఉంటే అది రాళ్ళ లెక్క కాదు, నిజం డబ్బు.

సాయి_కెపిహెచ్‌బి
బాణం నేను రోజూ చూస్తున్న, ఎన్నడూ పట్టించుకోలే. ఇప్పుడే పోయి చూసిన, కంటిన్యూ పెట్టెల ఉన్నది, 140 → 90. ఒక్క కంటిన్యూకి 50 రాళ్ళు. నెలకి ఆరు సార్లు కొట్టినా 300 అయితయ్, నా లెక్క సరిపోయింది.

ట్రాన్స్‌లేటర్_కిరణ్
ఇంత కష్టం దేనికండీ, గూగుల్ లెన్స్ పెట్టుకుంటే మొత్తం తెలుగులో వచ్చేస్తుంది. నేను అదే వాడతా.

లక్ష్మి_నాగోయా
కిరణ్ గారూ, నేనూ కొత్తవాళ్ళకి అది చెప్తాను, కానీ రెండు జాగ్రత్తలు. గేమ్ అక్షరాలు నీడలు, అంచులు, మెరుపులతో ఉంటాయి, ఒక్క గీత తప్పు చదివితే అర్థం తలకిందులవుతుంది. 有償 అంటే డబ్బు పెట్టి కొన్న రాళ్ళు, 無償 అంటే ఊరికే వచ్చిన రాళ్ళు, తేడా మొదటి అక్షరం ఒక్కటే. చిన్న అక్షరాల్లో అది తప్పు చదివిందంటే మీరు ఫ్రీవి అనుకుని కొన్నవి ఖర్చుపెడతారు. తెలుగులోకి చేసినప్పుడు వాక్యం ఇంకా గజిబిజి అవుతుంది, ఇంగ్లీషులోకి చేయించి చూస్తే కొంచెం నయం.

రెండోది, పెట్టె తెరిచి ఉండగా గేమ్ మీదే ట్రాన్స్‌లేట్ బుడగ తేలేట్టు పెట్టుకోకండి. బుడగ నొక్కబోయి దాని కింద ఉన్న బటన్ నొక్కినవాళ్ళు ఉన్నారు. పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీసి, గేమ్ పక్కన పెట్టి, ఆ ఫోటోని లెన్స్‌లో చూడండి. పెట్టె ఎక్కడికీ పోదు.

ట్రాన్స్‌లేటర్_కిరణ్
బుడగ సంగతి నాకు జరిగిందండి నిజంగా, టికెట్ ఒకటి పోయింది. స్క్రీన్‌షాటే మేలు. కానీ ఈ కొన్న రాళ్ళు ఊరికే వచ్చిన రాళ్ళు అని రెండు రకాలు ఎందుకు పెట్టారు, రెండూ ఒకేలా కనపడతాయి కదా?

లక్ష్మి_నాగోయా
జపాన్‌లో ముందే డబ్బు కట్టించుకుని ఇచ్చే పాయింట్లకి చట్టం ఉంది, 資金決済法 అంటారు, 2010 నుంచి అమల్లో ఉంది. జనం కొనుక్కుని ఇంకా వాడని పాయింట్లు కోటి యెన్‌లు దాటితే కంపెనీ అందులో సగానికి తక్కువ కాకుండా డిపాజిట్‌గా పెట్టాలి. కాబట్టి కొన్నవెన్ని, ఊరికే ఇచ్చినవెన్ని అని లెక్క విడిగా ఉంచాలి, అందుకే మీ రాళ్ళ బొమ్మ నొక్కితే రెండు వరుసలు కనపడతాయి. మామూలుగా ఊరికే వచ్చినవి ముందు ఖర్చవుతాయి. కొన్నవాటితో మాత్రమే తెరుచుకునే గాచాలు కొన్ని ఉంటాయి, ఫేట్ గ్రాండ్ ఆర్డర్‌లో కొత్త సంవత్సరానికి వచ్చే ఫుకుబుకురో అలాంటిదే, కొన్న రాళ్ళు 15 అడుగుతుంది, ఊరికే వచ్చినవి వెయ్యి ఉన్నా ఒప్పుకోదు.

ఇది మీకు ఎందుకు పనికొస్తుందంటే, నిజమైన డబ్బు షాపులో కింద చిన్న అక్షరాలతో రెండు లింకులు ఉంటాయి, 資金決済法 అని ఒకటి, 特定商取引法 అని ఒకటి. చట్టం ప్రకారం పెట్టేవి అవి, గేమ్ ఎంత మెరిసినా అవి మాత్రం మెరవవు. సాయి మొదటి స్క్రీన్‌షాట్‌లో కింద రెండూ ఉన్నాయి చూడండి. రోజూ ఫ్రీ బాక్స్ తీసుకునే స్క్రీన్‌కి వెళ్ళి అక్కడ ఆ లింకులు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ఆ రెండు స్క్రీన్లనీ వేరుచేసే గుర్తు మీకు దొరికినట్టే.

సాయి_కెపిహెచ్‌బి
చూసిన అక్కా. చెడ్డ వార్త, నా గేమ్‌ల ఫ్రీ బాక్స్ గూడ అదే షాప్‌ల ఉన్నది, అదే వరుసల మొదటిది. పొద్దుగాల తీసుకుంటే దాని జాగలకి పైసల ప్యాక్ జరిగి వస్తున్నది. నిన్న నేను నొక్కింది అదే.

లక్ష్మి_నాగోయా
అయితే లింకుల గుర్తు మీ గేమ్‌లో సగమే పనిచేస్తుంది. అక్కడ ధర ఉండే చోటే చూడాలి. ఫ్రీ దాని మీద 無料 అని ఉంటుంది, ప్యాక్ మీద అంకె, దాని పక్కన ¥ లేదా ₹. అంకె ఉంటే ముట్టుకోకండి, అంతకన్నా సులువు మాట నా దగ్గర లేదు.

భీమవరం_బాబి
లక్ష్మి గారూ నాదొక చిట్కా, ఇక్కడ జపనీస్ క్లాసులో మా సార్ చెప్పింది. 貝 అని ఒక అక్షరం ఉంది, గవ్వ అని అర్థం, చూడ్డానికి మెట్లున్న పెట్టెకి రెండు కాళ్ళు పెట్టినట్టు ఉంటుంది. వెనకటికి చైనాలో గవ్వలే డబ్బు కాబట్టి డబ్బు మాటల్లో అది దూరి ఉంటుంది. 購入 కొనడం, 買 కొను, 販売 అమ్మకం, 消費 ఖర్చు, అన్నిట్లో గవ్వ ఉంది. చదవడం రాకపోయినా గవ్వ కనపడితే ఆగిపోవచ్చు.

లక్ష్మి_నాగోయా
బాబి గారూ భలే మాట చెప్పారు, నిజంగా పనికొచ్చేది. హద్దు కూడా చెప్పాలి. ఓడిపోవడం అనే 敗北లో గవ్వ ఉంది, 無償లో ఊరికే అన్నా గవ్వ ఉంది, అంటే అనవసరంగా ఆగుతారు, దానివల్ల నష్టం లేదు. నష్టం రెండోవైపు, コンティニューలో గవ్వ లేదు, 回復లో లేదు, 交換లో లేదు, వాటిలో రాళ్ళు పోతాయి. గవ్వ కనపడితే ఆగండి, కనపడకపోతే అంకెల బాణం చూడండి.

అనూష_డాలస్
కొరియన్‌లో ఈ గవ్వ ట్రిక్ లేదు కదా 😔 నేను 구매, 결제 రెండూ గుర్తుపెట్టుకున్నా, మొదటిది కొనడం, రెండోది డబ్బు కట్టడం. 취소 అంటే రద్దు. ఈ మూడూ స్టిక్కీ నోట్ మీద రాసి ఫోన్ వెనక అంటించా.

పాత_గేమర్_బెజవాడ
ఇంకోటి, మొదటిసారి కొనేటప్పుడు పుట్టిన సంవత్సరం నెల అడుగుతుంది కదా, అక్కడ చిన్నపిల్లాడి వయసు పెట్టేయండి. నెలకి 5000 యెన్‌లు దాటనివ్వదు చాలా గేముల్లో. నేను అదే చేశా.

సాయి_కెపిహెచ్‌బి
అవును, ఒక పెట్టెల చక్రం తిప్పేది వచ్చింది, ఏదో 2000 పెట్టి కొట్టిన. అది వయసా!

లక్ష్మి_నాగోయా
అవును, 年齢確認, వయసు నిర్ధారణ. అది వచ్చిందంటే మీరు నిజమైన డబ్బు దారిలో ఉన్నట్టే, ఏదో ఒకటి పెట్టి దాటేయడం కాదు, అక్కడి నుంచి వెనక్కి రావాలి. మామూలుగా మొదటిసారే అడుగుతారు, కాబట్టి మీకు ఆ హెచ్చరిక ఇక రాదు.

గేమర్ గారి మాటతో మాత్రం నేను ఏకీభవించను. తప్పుడు వయసు ఇవ్వడం నిబంధనలకి విరుద్ధం, తర్వాత మార్చుకోవడం చాలా గేముల్లో మన చేతిలో ఉండదు. పైగా సాయికి పోయింది ఒక్క ప్యాక్, అది ఆ 5000 లోపే ఉంటుంది, ఆపేది కాదు.

పాత_గేమర్_బెజవాడ
ఒక్క ప్యాక్ ఆపదు, నిజమే. కానీ ఒకే రాత్రి పది ప్యాకులు పోయినవాణ్ణి చూశా, వాడికి ఇది ఉండుంటే బాగుండేది. నేను మాత్రం తియ్యను.

సాయి_కెపిహెచ్‌బి
పోయిన ₹880 వాపస్ వస్తయా?

లక్ష్మి_నాగోయా
48 గంటలు దాటలేదు కదా, వెంటనే గూగుల్ ప్లే వెబ్‌సైట్‌లో ఆర్డర్ హిస్టరీలోకి వెళ్ళి రిఫండ్ అడగండి, పొరపాటున కొన్నాను అన్న కారణం ఎంచుకోండి. 48 గంటలు దాటాక వాళ్ళు గేమ్ కంపెనీని అడగమంటారు, అప్పుడు జపనీస్‌లో మెయిల్ రాయాలి. ఐఫోన్ అయితే reportaproblem.apple.com.

దానికన్నా ముఖ్యం, వచ్చిన రాళ్ళు ముట్టుకోకండి. ఒక్క గాచా తిప్పినా వాడుకున్నట్టే. కొన్ని గేముల్లో రిఫండ్ అయ్యాక రాళ్ళు వెనక్కి తీసుకుంటారు, అప్పటికే వాడేసి ఉంటే లెక్క మైనస్‌లోకి పోతుంది, అకౌంట్ ఆపేసినవి కూడా ఉన్నాయి. కంటిన్యూ పెట్టె మళ్ళీ వస్తుంది, రిఫండ్ తేలేదాకా బాస్ ఫైట్ల జోలికి పోకండి.

ఇంకొకటి తెలుసుకోండి, జపాన్‌లో 2001లో వచ్చిన ఎలక్ట్రానిక్ ఒప్పందాల చట్టం ప్రకారం, సరిచూసుకునే పెట్టె చూపించకుండా అమ్మితే, పొరపాటున నొక్కాను అని కొన్నవాళ్ళు ఆ ఒప్పందం రద్దు చేసుకునే వీలుంది. అందుకే ప్రతి గేమ్‌లో అన్ని పెట్టెలు. పెట్టె చూపించారు కాబట్టి ఆ వాదన మీకు ఇక్కడ దొరకదు, గూగుల్ వాళ్ళు దయతలచి ఇవ్వాల్సిందే.

మోడరేటర్
సాయి, స్క్రీన్‌షాట్ 2లో మీ మెయిల్ ఐడీ కనపడుతోంది, దాన్ని కప్పి మళ్ళీ పెట్టాను.

సాయి_కెపిహెచ్‌బి
థాంక్స్ అన్నా. రిఫండ్ రిక్వెస్ట్ పెట్టిన, రాళ్ళు ముట్టలే, లాగిన్ బోనస్ మాత్రం తీసుకుంటున్న. ఇంకా మెయిల్ రాలే.

అక్కా ఒక ఆఖరి స్క్రీన్‌షాట్. ఇయ్యాల షాప్‌ల ఇది కొత్తగ వచ్చింది, రోజుకి కొన్ని రాళ్ళు ఇచ్చే పాస్ లెక్క ఉన్నది, ₹ ఉన్నది, కింద 自動更新 అని ఉన్నది. దాంట్ల గవ్వ లేదు.

లక్ష్మి_నాగోయా
自動更新 అంటే దానంతట అదే రెన్యూ అయ్యేది. అది ఒక్కసారి కొనే ప్యాక్ కాదు, నెలనెలా కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్. గేమ్ డిలీట్ చేసినా ఆగదు, ప్లే స్టోర్‌లో `Subscriptions`లోకి వెళ్ళి క్యాన్సిల్ చేస్తేనే ఆగుతుంది. మీ దగ్గర ఇంకా బ్యాలెన్స్ ఉంది కదా, ముందు ఆ `Subscriptions` పేజీ ఖాళీగా ఉందో లేదో ఒకసారి చూడండి.

సాయి_కెపిహెచ్‌బి
చూసిన. ఖాళీగనే ఉన్నది.